సీజన్ డబ్బు, ఏడాది ఖర్చు: నిలకడ లేని ఆదాయంలో నెలకెంత దాచాలి?

నెల జీతం వచ్చేవాళ్లకు పొదుపు లెక్క తేలిక. ఒకటో తారీఖున పడ్డ దాంట్లో ఇరవై శాతం పక్కన పెట్టి, మిగతాదాంతో నెల గడుపుకొస్తే సరిపోతుంది. అదే సలహా ఫ్రీలాన్సర్‌కో, కమిషన్ మీద బతికే ఏజెంటుకో ఇస్తే నాలుగు నెలలు తిరిగేసరికి చేతులెత్తేస్తారు. వాళ్లకు క్రమశిక్షణ లేదని అందరూ అంటారు కానీ, నా ఉద్దేశంలో తప్పు ఆ లెక్కలోనే ఉంది. ఎక్కడ ఉందో ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం. అంకెలన్నీ ఊహించి వేసినవే, కానీ ఈ పనిలో ఉన్నవాళ్లకు కొత్తగా అనిపించవు.

విజయవాడలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒకాయన ఉన్నారనుకుందాం. స్టూడియోల వాళ్లు షూట్ చేసి హార్డ్ డిస్కులు పంపుతారు. ఆయన టీజరు, పూర్తి వీడియో, హైలైట్స్ తయారుచేసి ఇస్తారు. ఒక్కో పెళ్లికి ఇంత అని రేటు. ముహూర్తాలుంటే పని ఉంటుంది, లేకపోతే లేదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వస్తే పెళ్లిళ్లు ఆగిపోతాయి. గురు మూఢమో శుక్ర మూఢమో వచ్చినా అంతే.

ఇంకో చిక్కుంది. ముహూర్తాల క్యాలెండరు, డబ్బుల క్యాలెండరు ఒకటి కావు. మే నెల పెళ్లి వీడియో జూన్ చివరికి తయారవుతుంది, పెళ్లివాళ్లు స్టూడియోకి బాకీ తీర్చాక, స్టూడియో ఈయనకు జూలైలో ఇస్తుంది. అందుకే పెళ్లిళ్లు లేని ఆషాఢంలో చేతిలో డబ్బు కనిపిస్తుంది, శ్రావణంలో రాత్రంతా కూర్చుని పని చేస్తున్నా జేబు ఖాళీగా ఉంటుంది. కాబట్టి లెక్క ఎప్పుడూ ఖాతాలో డబ్బు పడ్డ తేదీ మీద వేయాలి, పని చేసిన తేదీ మీదో బిల్లు ఇచ్చిన తేదీ మీదో కాదు.

మొదటి పని పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని, నెలవారీగా వచ్చిన డబ్బు రాసుకోవడం. ఇందులో మూడు జాగ్రత్తలు. బావమరిది ఇచ్చిన చేబదులు, సొంత ఖాతాల మధ్య తిప్పుకున్న డబ్బు ఆదాయం కాదు, వాటిని తీసేయాలి. ఇంకా చేయని పనికి తీసుకున్న అడ్వాన్సును కూడా పని పూర్తయ్యేదాకా లెక్కలోకి తేకూడదు, పెళ్లి వాయిదా పడితే తిరిగి ఇవ్వాల్సి వస్తుంది. ఇక పని ఖర్చులు ముందే తీసేయాలి: సాఫ్ట్‌వేర్ చందా, హార్డ్ డిస్కులు, కరెంటు, సాయానికి పెట్టుకున్న కుర్రాడి జీతం. రెండు లక్షల కంప్యూటరు నాలుగేళ్లు పనిచేస్తుందనుకుంటే నెలకు నాలుగు వేల పైచిలుకు దానికే పోతోందన్నమాట. అది కూడా ఖర్చే. చాలామంది ఈ ఒక్కదాన్ని మరిచిపోయి, కంప్యూటరు మొరాయించిన రోజున పొదుపు మొత్తం ఊడ్చేస్తారు.

ఇవన్నీ తీసేశాక ఆయనకు మిగిలింది ఇదీ. మూడో నిలువు వరసలో ఉన్నది నెలకు 40,000 చొప్పున ఇంటికి తీసుకుంటే మిగిలేది లేదా తగ్గేది. నాలుగోది, ఏప్రిల్‌లో సున్నాతో మొదలుపెడితే ప్రతి నెలాఖరుకు ఖాతాలో ఉండే నిల్వ. ఆ 40,000 ఎక్కడి నుంచి వచ్చిందో కాస్త ఆగి చెబుతాను.

| నెల | వచ్చింది | తేడా | నిల్వ |
|---|---|---|---|
| ఏప్రిల్ | 60,000 | +20,000 | 20,000 |
| మే | 72,000 | +32,000 | 52,000 |
| జూన్ | 90,000 | +50,000 | 1,02,000 |
| జూలై | 64,000 | +24,000 | 1,26,000 |
| ఆగస్టు | 22,000 | −18,000 | 1,08,000 |
| సెప్టెంబరు | 18,000 | −22,000 | 86,000 |
| అక్టోబరు | 40,000 | 0 | 86,000 |
| నవంబరు | 30,000 | −10,000 | 76,000 |
| డిసెంబరు | 66,000 | +26,000 | 1,02,000 |
| జనవరి | 58,000 | +18,000 | 1,20,000 |
| ఫిబ్రవరి | 14,000 | −26,000 | 94,000 |
| మార్చి | 30,000 | −10,000 | 84,000 |

ఏడాది మొత్తం 5,64,000. సగటున నెలకు 47,000. కానీ సరిగ్గా 47,000 వచ్చిన నెల ఒక్కటి కూడా లేదు. సగటుకు దగ్గరగా అక్టోబరు ఉంది, అదీ ఏడు వేలు తక్కువ.

ఇరవై శాతం ఎందుకు అతకదు

ఇంటి మామూలు ఖర్చు 30,000 అనుకుందాం: అద్దె, సరుకులు, పాలు, పెట్రోలు, ఫోన్లు. ఇవి కాక ఏడాదికోసారి మీద పడేవి ఉంటాయి. స్కూలు ఫీజు 30,000, బీమా ప్రీమియంలు 18,000, పండగలు, బండి ఇన్సూరెన్స్ కలిపి 12,000. మొత్తం 60,000, అంటే నెలకు 5,000. రెండూ కలిపితే ఇల్లు నడవడానికి నెలకు 35,000 కావాలి.

ఇప్పుడు ఇరవై శాతం సూత్రం పెట్టి చూడండి. ఏప్రిల్ నుంచి జూలై దాకా 2,86,000 వచ్చింది. అందులో 57,200 పొదుపు చేశారు, బాగానే ఉంది. మిగిలిన 2,28,800లో ఇంటికి 1,40,000 పోయింది. ఇంకా 88,800 ఖాతాలో ఉంది. దీన్ని పొదుపు అనలేం, పొదుపు అప్పుడే చేసేశారు. ఖర్చు అని కూడా అనలేం, ఇంటి అవసరాలు తీరిపోయాయి. పేరు లేని డబ్బు ఇది. పేరు లేని డబ్బుకు ఫ్రిజ్ అనో, తిరుపతి ప్రయాణం అనో ఏదో ఒక పేరు ఇట్టే దొరుకుతుంది.

ఆగస్టు నుంచి నవంబరు దాకా వచ్చేది 1,10,000. ఇందులోనూ ఇరవై శాతం తీస్తే ఇంటికి 88,000 మిగులుతుంది, కావాల్సింది 1,40,000. లోటు 52,000. సీజన్లో మిగిలిన ఆ 88,800 కదలకుండా ఉండి ఉంటే ఈ లోటు హాయిగా పూడేది. అది లేదు కాబట్టి మేలో వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను సెప్టెంబరులో విరగ్గొడతారు, లేదా గొలుసు తీసుకెళ్లి గోల్డ్ లోన్ పెడతారు. "మనకు పొదుపు అచ్చిరాదు" అన్న మాట ఇక్కడే పుడుతుంది.

అసలు సంగతి ఏమిటంటే, సీజన్లో మిగిలినట్టు కనిపించే డబ్బులో ఎక్కువ భాగం పొదుపు కానే కాదు. అది సెప్టెంబరు జీతం, ఫిబ్రవరి జీతం, ముందుగా చేతికి వచ్చింది. దాన్ని పొదుపుగా చూసినా తప్పే, ఖర్చు పెట్టుకోదగ్గ డబ్బుగా చూసినా తప్పే. కాబట్టి ఎంత దాచాలి అన్న ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్నకు జవాబు కావాలి: రాబోయే వట్టి నెలల కోసం ఎంత ఆపాలి?

ఇంటి జీతం, సర్దుబాటు ఖాతా

ఏర్పాటు ఇలా ఉంటుంది. వచ్చిన ప్రతి రూపాయీ ముందు ఒక ఖాతాలో పడుతుంది, దాన్ని సర్దుబాటు ఖాతా అందాం. అక్కడి నుంచి నెలకోసారి, ఒకే తేదీన, ఒకే మొత్తం ఇంటి ఖాతాకు వెళుతుంది. అది ఇంటి జీతం. జూన్‌లో 90,000 వచ్చినా అంతే, ఫిబ్రవరిలో 14,000 వచ్చినా అంతే.

ఆ జీతం సగటుకు సమానంగా పెట్టుకోకూడదు. నిరుటి సగటు 47,000 సరే, అంతకు ముందటి ఏడాది సగటు 43,000 అనుకుందాం. రెండేళ్లలో తక్కువదాన్ని తీసుకుని, దానికీ కాస్త కిందే ఉండాలి. అలా 40,000 వచ్చింది. ఇందులో 30,000 మామూలు ఖర్చు, 5,000 ఏడాదికోసారి ఖర్చుల కోసం వేరే ఖాతాకు, 5,000 పొదుపు. స్కూలు ఫీజు జూన్‌లోనే కట్టాలి కాబట్టి మొదటి ఏడాది ఆ వేరే ఖాతాలో అంత డబ్బు ఉండదు. తగ్గింది సర్దుబాటు ఖాతా నుంచి తీసుకుని, తర్వాతి నెలల్లో తిరిగి వేసేయాలి. జూన్ సీజన్ నెల కావడం ఇక్కడ కలిసొస్తుంది.

ఐదు వేలంటే సగటు ఆదాయంలో పదకొండు శాతం కూడా లేదు, మరీ తక్కువ కదా అనిపించవచ్చు. ఇది కనీస పొదుపు. ఎంత వట్టి నెలలోనైనా ఆగకూడనిది. పెద్ద పొదుపు ఏడాదికోసారి, వేరే దారిలో వస్తుంది.

నిల్వ ఎంత ఉండాలి?

ఆరు నెలల ఖర్చు దాచుకోండి అని అందరూ చెబుతారు. మన ఎడిటర్‌కు అది 2,10,000. ఆ అంకె చూసి బెదిరిపోయి అసలు మొదలే పెట్టనివాళ్లు ఎంతోమంది. సర్దుబాటుకు ఎంత కావాలో ఆయన సొంత పట్టికే చెబుతుంది.

నిల్వ వరుసను పైనుంచి కిందికి చూడండి. జూలైలో 1,26,000 దాకా ఎక్కింది, నవంబరుకు 76,000కు దిగింది. అంటే 50,000 తగ్గుదల. జనవరిలో 1,20,000 ఉన్నది మార్చికి 84,000 అయింది, 36,000 తగ్గుదల. ఏడాదిలో అన్నిటికంటే పెద్ద దిగుడు 50,000. మామూలు ఏడాదిలో, సీజన్ ముగిసేనాటికి ఖాతాలో 50,000 ఉంటే ఏ నెలా జీతం ఆగదు. ఆరు నెలల ఖర్చు అక్కర్లేదు, నెలన్నర కూడా కాలేదు.

కానీ ప్రతి ఏడాదీ మామూలుగా ఉండదు. కార్తీక, మార్గశిర మాసాల్లో మూఢం వచ్చి డిసెంబరు, జనవరి డబ్బు సగానికి పడిపోయిందనుకోండి. 66,000 కాస్తా 33,000, 58,000 కాస్తా 29,000 అవుతాయి. అప్పుడు ఆ రెండు నెలల్లో నిల్వ పెరగకపోగా 7,000, 11,000 చొప్పున తగ్గుతుంది. జూలై నుంచి మార్చి దాకా మొత్తం దిగుడు: 50,000, దాని మీద 18,000, ఆపైన ఫిబ్రవరి, మార్చిల 36,000. వెరసి 1,04,000. ఒక్క సీజన్ సగం పోతే కావాల్సిన నిల్వ రెట్టింపు అయింది.

వేసవి సీజన్ సగం పోతే? మార్చి నిల్వ నుంచి లెక్క వేయాలి. ఏప్రిల్ నుంచి జూలై దాకా నెలకు 30,000, 36,000, 45,000, 32,000 వస్తే నాలుగు నెలలకూ కలిపి 17,000 తగ్గుతుంది. ఆ తర్వాత నవంబరు దాకా మామూలుగా తగ్గే 50,000. అంటే మార్చి ముగిసేనాటికి కనీసం 67,000 ఉండాలి.

ఈ రెండూ చూసుకుని జూలై ఆఖరుకు 1,10,000 నిల్వ అని గీత గీసుకుంటే సరిపోతుంది. అక్కడి నుంచి మామూలు ఏడాదిలో మార్చికి 68,000 దగ్గర ఆగుతుంది, వేసవి దెబ్బతిన్నా నవంబరులో ఖాతా సున్నాకు పైనే, సరిగ్గా ఓ వెయ్యి రూపాయలతో, ఉంటుంది. ఒరుసుకుంటూ వెళ్లడమే అయినా, వెళుతుంది.

సీజన్ దెబ్బతినడం పుస్తకాల్లో లెక్క కోసం పెట్టుకున్న మాట కాదు. 2023లో అధిక శ్రావణం వచ్చి ఆ ఏడాది శ్రావణ ముహూర్తాలు నెల ఆలస్యమయ్యాయి. 2026లో మే మధ్య నుంచి జూన్ మధ్య దాకా అధిక జ్యేష్ఠం, మంచి వేసవి మధ్యలో పెళ్లిళ్లకు విరామం. ఈ రంగంలో వాళ్లకు ఒక అదృష్టం ఉంది, వట్టి నెలలు ఎప్పుడొస్తాయో పంచాంగం ఏడాది ముందే చెప్పేస్తుంది. ఉగాదికి పంచాంగం కొన్నప్పుడు రాశిఫలాలతో పాటు మూఢం తేదీలు, అధిక మాసం చూసి, డబ్బు ఒకటి రెండు నెలలు ఆలస్యంగా వస్తుందన్న లెక్కతో ఆ ఏడాది పట్టిక ముందే వేసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఫ్రీలాన్సర్లకు ఈ సౌకర్యం లేదు.

జీతం పెంచుకుంటే ఏమవుతుంది?

ఇంటి జీతం 40,000 బదులు 45,000 చేసుకుంటే ఏం పోతుంది, సగటు 47,000 ఉంది కదా? ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. ఆగస్టు నుంచి మార్చి దాకా ఎనిమిది నెలలు. నెలకు ఐదు వేలు ఎక్కువ తీసుకుంటే కష్టకాలంలో దిగుడు 40,000 పెరుగుతుంది, 1,04,000 కాస్తా 1,44,000 అవుతుంది. నెలకు 5,000 జీతం పెంచుకోవాలంటే ముందు ఖాతాలో 40,000 అదనంగా నిలబెట్టాలన్నమాట. మరోపక్క ఏడాది చివర మిగిలే 84,000 కాస్తా 24,000కు పడిపోతుంది.

అందుకే జీతం పెంపు ఏడాదికోసారే, అదీ జూలై లెక్క చూశాకే. మంచి నెల వచ్చింది కదా అని మధ్యలో పెంచితే, తగ్గించాల్సి వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. పెంచిన అద్దె ఇల్లు, పెద్ద స్కూలు వెనక్కి రావు.

జూలై ఆఖరున తేలే అసలు పొదుపు

గీత 1,10,000 దగ్గర ఉంది కాబట్టి, జూలై 31న అంతకు పైన ఎంత ఉంటే అదే నిజమైన మిగులు. మొదటి ఏడాది 1,26,000 నుంచి 16,000 తేలుతుంది. రెండో ఏడాది చూడండి: 1,10,000తో మొదలై మార్చికి 68,000, మళ్లీ వేసవి సీజన్ 1,26,000 కలిపితే 1,94,000. మిగులు 84,000. నెలనెలా వేసిన 60,000తో కలిపితే ఏడాదికి 1,44,000 పొదుపు. ఆదాయంలో ఇరవై ఐదు శాతం పైనే.

ఇరవై శాతం సూత్రంతో డిపాజిట్ విరగ్గొట్టుకున్న మనిషే ఇక్కడ పాతిక శాతం దాచగలిగారు. ఆదాయం మారలేదు, ఖర్చూ మారలేదు. నెలనెలా పెద్ద మొత్తం దాచాలని ప్రయత్నించకుండా, సీజన్ ముగిసి లెక్క తేలేదాకా ఆగారు, అంతే.

చలికాలం సీజన్ సగం పోయిన ఏడాది మిగులు 22,000 మాత్రమే ఉంటుంది. వేసవి పోతే అసలు ఉండదు, నిల్వ 59,000 కరిగి మార్చికి 9,000 దగ్గర నిలుస్తుంది. ఆ ఏడాది పొదుపు ఎంత అంటే నెలకు వేసిన ఐదు వేలే. దాన్ని ఓటమిగా చూడనక్కర్లేదు, ఖాతా పెట్టుకున్నదే ఆ ఏడాది కోసం.

రెండు సీజన్లూ ఒకే ఏడాదిలో పోతే ఈ ఏర్పాటు ఆదుకోదు. 2020 మార్చి ఆఖరున లాక్‌డౌన్ పెట్టినప్పుడు పెళ్లిళ్ల మీద ఆధారపడ్డ ప్రతివాళ్లూ అది చూశారు. చేతికి దెబ్బ తగిలి మూడు నెలలు మౌస్ పట్టుకోలేకపోయినా అంతే. దానికి వేరే అత్యవసర నిధి కావాలి, మూడు నెలల ఇంటి ఖర్చు 1,05,000తో మొదలుపెట్టొచ్చు. సర్దుబాటు ఖాతా ప్రతి ఏటా ఖాళీ అవుతూ నిండుతూ ఉంటుంది. అత్యవసర నిధి ఏళ్ల తరబడి కదలకూడదు. రెండిటినీ ఒకే ఖాతాలో పెడితే సెప్టెంబరు ఏదో, ఆపద ఏదో తెలియకుండా పోతుంది.

కాబట్టి జూలై మిగులు ముందు ఎక్కువ వడ్డీ అప్పులకు, క్రెడిట్ కార్డు బాకీ లాంటివాటికి పోవాలి. తర్వాత అత్యవసర నిధికి. అది నిండాకే దూరపు అవసరాలకు. ఇక్కడ పీపీఎఫ్ ఇలాంటి ఆదాయానికి బాగా కుదురుతుంది. ఏడాదికి కనీసం 500 వేస్తే ఖాతా బతికే ఉంటుంది, గరిష్ఠంగా 1,50,000 దాకా ఎప్పుడు వీలైతే అప్పుడు వేయొచ్చు. వడ్డీని నెల ఐదో తారీఖు నుంచి నెలాఖరు దాకా ఉన్న కనిష్ఠ నిల్వ మీద లెక్కిస్తారు కాబట్టి జూలై మిగులును ఆగస్టు 5 లోపు వేస్తే ఆ నెల వడ్డీ పోదు. డబ్బు పదిహేనేళ్లు బంధీ అవుతుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

నెలనెలా కట్టి తీరాల్సినవాటి విషయంలో చెయ్యి కాస్త బిగించుకోవాలి. సిప్, రికరింగ్ డిపాజిట్, చిట్టీ, మూడూ కలిపి ఆ ఐదు వేలు దాటకూడదు. సిప్ రోజున ఖాతాలో డబ్బు లేకపోతే బ్యాంకు జరిమానా వేస్తుంది. పోస్టాఫీసు ఆర్డీలో వాయిదా తప్పితే వందకు రూపాయి చొప్పున నెలకు కట్టించుకుంటారు, వరుసగా నాలుగు తప్పితే ఖాతా నిలిచిపోతుంది. చిట్టీ ఇంకా గట్టిది. పాడుకోకముందు వాయిదా తప్పితే డివిడెండు పోవచ్చు, పాడుకున్నాక తప్పితే జామీను సంతకం పెట్టినవాళ్ల ఇంటికి ఫోను వెళుతుంది. సీజన్ ఊపులో ఐదు లక్షల చిట్టీలో చేరి, భాద్రపదంలో వాయిదా కట్టడం కోసం అదే చిట్టీని తక్కువకు పాడుకునేవాళ్లను చూస్తుంటాం. పొదుపు కోసం చేరిన చిట్టీ అక్కడితో అప్పుగా మారిపోయినట్టే.

సర్దుబాటు ఖాతా ఎక్కడ పెట్టాలన్నది పెద్ద ప్రశ్న కాదు. వేరే బ్యాంకులో, ఫోన్‌లో యూపీఐకి కలపని సేవింగ్స్ ఖాతా చాలు. దానికి ఆటో స్వీప్, అంటే ఒక మొత్తం దాటిన డబ్బు దానంతటదే డిపాజిట్‌గా మారే ఏర్పాటు, ఉంటే మంచిదే.

దారి తప్పుతోందని ఎలా తెలుస్తుంది?

నెలాఖరు నిల్వను పట్టికతో పోల్చి చూడండి. సెప్టెంబరులో నిల్వ తగ్గితే కంగారు పడనక్కర్లేదు, తగ్గాలి కూడా. జూన్‌లో తగ్గితే మాత్రం ఆగి చూడాలి. ఒకే నెలలో ఇంటి జీతం రెండుసార్లు తీసుకోవాల్సి వచ్చిందంటే 30,000 ఖర్చు అన్న లెక్క ఎక్కడో తప్పు. జూలై నిల్వ వరుసగా రెండేళ్లు గీత దాటకపోతే ఆదాయమే తగ్గింది, జీతం తగ్గించాల్సిందే.

పని తగ్గకుండా నిల్వ తగ్గుతుంటే, వీడియో అప్పగించిన తేదీకీ డబ్బు పడిన తేదీకీ మధ్య ఎన్ని రోజులో చూడండి. ముప్పై రోజులకు ఇచ్చే స్టూడియో డెబ్బై రోజులు తీసుకుంటోందంటే, వాళ్ల వ్యాపారానికి మీ సర్దుబాటు ఖాతా పెట్టుబడి పెడుతోంది. అలాంటి చోట రేటు గురించి గొడవపడే కంటే సగం డబ్బు ముందుగా తీసుకునే పద్ధతి పెట్టుకోవడం మేలు. నిల్వ అవసరం దానంతటదే తగ్గుతుంది.

ఒకవేళ ఇది చదివి మొదలుపెడుతున్నది ఆగస్టులో, ఖాతాలో ఏమీ లేకుండా అయితే, నలభై వేల జీతం కుదరదు. ఆ నాలుగు నెలలూ పొదుపు మాట పక్కన పెట్టి, కట్టక తప్పనివి మాత్రమే కట్టుకుని, డిసెంబరు డబ్బుతో ఖాతా తెరవడమే.

పన్ను వాటా

మన ఎడిటర్‌కు ఆదాయపు పన్ను బెడద లేదు. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు ఉంది. అంతకు మించి సంపాదించేవాళ్లు మాత్రం, డబ్బు సర్దుబాటు ఖాతాలో పడకముందే పన్ను వాటా తీసి వేరే పెట్టాలి. ఖర్చులు పోను 15 లక్షలు మిగిలిందనుకుంటే పన్ను, సెస్సు కలిపి 1,09,200. ఏడు శాతం పైచిలుకు, ఎనిమిది తీసి పెట్టుకుంటే సరిపోతుంది.

టీడీఎస్ కోసేశారు కదా, పన్ను అయిపోయింది అనుకోకూడదు. వృత్తి ఫీజుల మీద పది శాతం కోస్తే 15 లక్షలకు 1,50,000 పోతుంది, ఎక్కువైంది రిటర్ను వేశాక వెనక్కి వస్తుంది. అది రావడానికి పట్టే నెలలు మీ పట్టికలో లోటుగా కనిపిస్తాయి. బీమా ఏజెంటు కమిషన్ మీద 2025 ఏప్రిల్ నుంచి కోసేది రెండు శాతమే. అదే 15 లక్షల మీద 30,000 పోతుంది, మిగతా 79,200 తనే కట్టుకోవాలి. టీడీఎస్ పోను కట్టాల్సింది పది వేలు దాటితే ముందస్తు పన్నుగా జూన్ 15, సెప్టెంబరు 15, డిసెంబరు 15, మార్చి 15 లోపు కట్టాలి, ఆలస్యమైతే వడ్డీ పడుతుంది. సెప్టెంబరు వాయిదా సరిగ్గా వట్టి నెలల్లో రావడం వల్లే ఈ డబ్బు విడిగా ఉండాలి అంటున్నాను.

నెలల లెక్కే లేని ఆదాయం

బీమా ఏజెంటుకు ఒక ఆధారం ఉంటుంది. పాత పాలసీల రెన్యువల్ కమిషన్ ఎంతో కొంత వస్తూనే ఉంటుంది, ఇంటి జీతం దాన్ని పట్టుకుని పెట్టుకోవచ్చు. కొత్త పాలసీల మొదటి ఏడాది కమిషన్ ఎక్కువగా జనవరి నుంచి మార్చి మధ్య వస్తుంది, మిగులు లెక్క మార్చి ఆఖరున వేసుకుంటే చాలు. మిగతాదంతా ఎడిటర్ పట్టికలాగే.

ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టే మధ్యవర్తి సంగతి వేరు. ఏడాదికి రెండో మూడో డీల్స్ కుదురుతాయి, వాటికి సీజనంటూ లేదు. ఆయనకు సగటు ఏమీ చెప్పదు. నెలవారీ పట్టిక వేసినా పది సున్నాలు, రెండు పెద్ద అంకెలు కనిపిస్తాయి. ఆయన చూసుకోవాల్సింది ఒక్కటే: గత మూడేళ్లలో ఒక కమిషన్‌కూ మరో కమిషన్‌కూ మధ్య వచ్చిన అతి పెద్ద ఎడం ఎన్ని నెలలు? అది తొమ్మిది నెలలు, ఇంటి జీతం 30,000 అనుకుందాం. 4,50,000 కమిషన్ వస్తే ముందు తొమ్మిది నెలల జీతం 2,70,000 సర్దుబాటు ఖాతాలో ఆపాలి. మిగిలిన 1,80,000లో పన్ను వాటా ఏమైనా ఉంటే తీసేశాక ఉన్నది పొదుపు. తర్వాతి డీల్ నాలుగు నెలలకే కుదిరితే ఖాతాలో తగ్గింది 1,20,000 మాత్రమే. అంతవరకు నింపి, ఆ కమిషన్‌లో మిగతాదంతా పొదుపుకు పంపొచ్చు. తొమ్మిది నెలలు దాటినా డీల్ రాకపోతే, పదో నెల జీతం అత్యవసర నిధి నుంచి తీసుకోవాలి, అప్పటి నుంచి ఆ పెద్ద ఎడం అంకెను పెంచి రాసుకోవాలి.